కొట్టుకు రోజుకు ఎన్ని ప్యాకెట్లు?

బ్యాంకు శాఖకు వచ్చే స్టార్టప్ ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ఒక పేజీ దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మొదటి ఏడాది సామర్థ్య వినియోగం 60 శాతం, రెండో ఏడాది 70, మూడో ఏడాది 80. తయారయ్యేది ప్లాస్టిక్ బకెట్లయినా, జీడిపప్పయినా, ఇడ్లీ పిండయినా ఆ మూడు అంకెలు మారవు. ఆడిటర్ గారి ఆఫీసులో కంప్యూటర్‌లో ఉన్న పాత ఫైలు తెరిచి, పేరు, ఊరు, యంత్రాల ధర మార్చి ప్రింటు తీస్తే అలాగే వస్తుంది. అనుభవమున్న క్రెడిట్ ఆఫీసర్ ఆ పేజీని చూసీ చూడనట్టు తిప్పేస్తారు. ఆగాల్సింది దాని తర్వాత వచ్చే అమ్మకాల అంచనా దగ్గర. అప్పు తీరుతుందా లేదా అన్నది చివరికి ఆ అంచనా మీదే ఆధారపడుతుంది.

అమ్మకాల అంచనా పెద్ద సంఖ్యలో కనిపిస్తుంది కానీ నిజానికి అది నాలుగైదు చిన్న సంఖ్యల గుణకారం. ఆ చిన్న సంఖ్యలను విడదీసి ఒక్కొక్కదాన్నీ బజారులో నిలబెట్టి చూడటమే ఆఫీసర్ పని. ఎలా చూస్తారో తెలియాలంటే ఒక దరఖాస్తును మొదటినుంచి చివరిదాకా నడిపించాలి. ఇది ఊహించి రాసుకున్న దరఖాస్తు. అయితే ఇలాంటివి మన ఊళ్లలోని బ్యాంకు శాఖలకు కొత్త కాదు.

విజయవాడ శివార్లలో ఒక యువ జంట రుబ్బిన ఇడ్లీ, దోశ పిండిని కిలో ప్యాకెట్లలో పెట్టి కిరాణా కొట్లకు వేస్తున్నారు. మొదలుపెట్టి ఏడు నెలలైంది. పిండి బాగుంది, జనం కొంటున్నారు, ఇప్పుడున్న చిన్న గ్రైండర్లు చాలడం లేదు. పెద్ద గ్రైండర్లు రెండు, ఒక కోల్డ్ రూమ్, ప్యాకింగ్ యంత్రం, ఇంకో బండి కొనాలని 40 లక్షల టర్మ్ లోన్ అడిగారు. సొంత పెట్టుబడి 15 లక్షలు. వర్కింగ్ క్యాపిటల్ విడిగా. రిపోర్టులో అమ్మకాలు మొదటి ఏడాది 2.88 కోట్లు, రెండో ఏడాది 4.32 కోట్లు, మూడో ఏడాది 6.48 కోట్లు. ఏటా సరిగ్గా 50 శాతం పెరుగుదల.

సరిగ్గా 50 శాతం అన్నప్పుడే చేయి ఆగాలి. నిజమైన వ్యాపారం అంత సమంగా పెరగదు. కొన్నాళ్లు కదలదు, ఒక సూపర్‌మార్కెట్ దొరికితే ఎగురుతుంది, ఎండాకాలం రాగానే పడుతుంది. ప్రతి ఏడాదికీ ఒకే శాతం వచ్చిందంటే ఎవరూ కొట్లు లెక్కపెట్టలేదని అర్థం. కిందటి గడిని ఒకటిన్నరతో గుణించి పక్క గడిలో వేశారు.

ఇక రిపోర్టును దానితోనే పోల్చి చూడాలి. సామర్థ్య వినియోగం 60 నుంచి 80 శాతానికి పెరుగుతుందని ఒక పేజీ చెబుతోంది. అంటే మూడేళ్లలో ఉత్పత్తి మూడో వంతు పెరుగుతుంది. అదే మూడేళ్లలో అమ్మకాలు రెండుంబావు రెట్లవుతాయని ఇంకో పేజీ చెబుతోంది. ధర పెంచుతున్నట్టు ఎక్కడా లేదు. మూడో వంతు ఎక్కువ రుబ్బి రెండుంబావు రెట్లు అమ్మడం ఎలా? ఈ రెండు పేజీలూ ఒకే మనిషి ఒకేసారి ఆలోచించి రాసినవి కావు. బయటి సమాచారమేదీ లేకుండా, కుర్చీలో కూర్చునే, అయిదు నిమిషాల్లో పట్టుకోగల తప్పు ఇది. ఆశ్చర్యమేమిటంటే, చాలా రిపోర్టుల్లో ఇలాంటిది ఒకటైనా ఉంటుంది.

మొదటి ఏడాది 2.88 కోట్లు ఎలా వచ్చిందో వెనక్కి విప్పితే ఇలా తేలింది: వంద కొట్లు, కొట్టుకు రోజుకు పది ప్యాకెట్లు, ఏడాదికి 360 రోజులు, ప్యాకెట్ 80 రూపాయలు. నాలుగు అంకెలు, నాలుగూ గుండ్రనివే. అన్నిటికన్నా తేలికైన ధరతో మొదలుపెడదాం.

80 రూపాయలు ప్యాకెట్ మీద అచ్చువేసిన ధర. అది ఇంటావిడ కిరాణా కొట్లో ఇచ్చే డబ్బు. అందులో కొట్టాయన కమీషన్ ఉంది. ఈ జంట ఇస్తున్నది ఎంఆర్‌పీ మీద 15 శాతం, అంటే 12 రూపాయలు. మిగిలిన 68లో 5 శాతం జీఎస్‌టీ ఉంది, అది ప్రభుత్వానికి కట్టాలి. అది తీసేస్తే యూనిట్ చేతికి వచ్చేది దాదాపు 64 రూపాయల 75 పైసలు. కొత్తగా వ్యాపారంలోకి వచ్చినవాళ్లు ఎంఆర్‌పీని ఆదాయంగా రాసేయడం చాలా సాధారణం. మోసం చేద్దామని కాదు, రోజూ కళ్లకు కనిపించేది ఆ అంకె కాబట్టి. ఆన్‌లైన్ డెలివరీ యాప్‌ల ద్వారా అమ్మేవాళ్ల రిపోర్టుల్లో ఈ తేడా ఇంకా పెద్దది. ఇక్కడ ఈ ఒక్క సవరణతో 2.88 కోట్లు 2.33 కోట్లయింది.

తర్వాతిది కొట్ల సంఖ్య. రిపోర్టులో 'ఇప్పటికే 31 కొట్లకు సరఫరా చేస్తున్నాము' అని ఉంది. ఆఫీసర్ అడగాల్సింది బిల్లు పుస్తకం. పుస్తకంలో 31 కొట్ల పేర్లు ఉన్నమాట నిజమే. కానీ పోయిన నెలలో కొన్నవి మాత్రం 22. తొమ్మిది కొట్లు రెండు మూడు వారాలు తీసుకుని మానేశాయి. ఒకరికి ఫ్రిజ్‌లో చోటు లేదు. ఇంకొకరి వీధిలోనే పిండిమిల్లు ఉంది. మరొకరు అరువు అడిగితే వీళ్లు ఇవ్వలేదు. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు, ఏ సరుకుకైనా ఇలాగే జరుగుతుంది. కాకపోతే అంచనా వేసేటప్పుడు చేర్చుకున్న కొట్ల లెక్క పనికిరాదు, నిలిచిన కొట్ల లెక్కే కావాలి. ఏడు నెలల్లో 22 అంటే నెలకు మూడు.

నెలకు మూడు చొప్పున నిలుస్తున్న చోట మొదటి ఏడాదే వంద కొట్లు ఎలా అవుతాయి? పైగా రిపోర్టు వంద కొట్లనూ మొదటి రోజు నుంచే లెక్కవేసింది. ఏప్రిల్ ఒకటో తేదీ పొద్దున వంద కొట్లు తలుపులు తీసి ఎదురుచూస్తున్నట్టు! అప్పు మంజూరై, యంత్రాలు వచ్చి, కరెంటు లోడు పెంచుకుని, కోల్డ్ రూమ్ బిగించేసరికి మూడు నెలలు తేలిగ్గా గడుస్తాయి. అంతవరకూ పాత గ్రైండర్లే, పాత 22 కొట్లే. ఆ తర్వాత ఒక సేల్స్‌మన్‌ను పెట్టుకుంటారు కాబట్టి వేగం రెట్టింపై నెలకు ఆరు కొట్లు నిలుస్తాయని ఒప్పుకుందాం. ఏడాది చివరికి 76 కొట్లు. కానీ ఆదాయం చివరి రోజు సంఖ్య మీద రాదు, ఏడాది పొడవునా ఉన్న సగటు మీద వస్తుంది. మొదటి మూడు నెలలు 22, తర్వాత తొమ్మిది నెలలు సగటున 49. మొత్తం మీద ఏడాది సగటు 42.

'చివరికి చేరే సంఖ్యను మొదటి నుంచీ ఉన్నట్టు చూపడం' అన్న ఈ ఒక్క పొరపాటే స్టార్టప్ అంచనాల్లో ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం. ధర విషయంలో తప్పు ఐదో వంతు దగ్గర ఆగిపోతుంది. ఇది మాత్రం సగానికి పైగా కోసేస్తుంది. అందుకే మొదటి రెండేళ్లకైనా అంచనాను నెలవారీగా వేసి తెమ్మని అడగాలి. ఏడాది గడిలో దాక్కునే ఆశ నెల గడిలో దాక్కోలేదు. 'జూలైలో ఎన్ని కొట్లు? ఆగస్టులో ఎన్ని? ఆ కొత్త ఎనిమిదీ ఏ పేటలో?' అని అడిగితే అక్కడికక్కడే నిజం బయటికొస్తుంది.

మూడో అంకె, కొట్టుకు రోజుకు పది ప్యాకెట్లు. ఇదే అసలైన పరీక్ష. పోయిన నెల జీఎస్‌టీఆర్-3బీలో చూపిన అమ్మకం సుమారు 3 లక్షలు. దాన్ని 64.75తో భాగిస్తే 4,600 పైచిలుకు ప్యాకెట్లు. నెలకు 30 రోజులు, 22 కొట్లు. కొట్టుకు రోజుకు ఏడు.

జీఎస్‌టీ రిటర్నులో ఉన్నంత మాత్రాన అది అమ్మకమేనా అన్న అనుమానం ఆఫీసర్‌కు ఉండాలి. అప్పు కోసం వచ్చేముందు రెండు మూడు నెలలు అమ్మకాలు ఎక్కువ చూపించడం కొత్త విద్య కాదు. పన్ను కట్టి మరీ బంధువుల సంస్థకు బిల్లు రాసి, ఆ డబ్బు ఇంకో దారిలో వెనక్కి రప్పించుకునేవాళ్లున్నారు. అందుకని రిటర్నును బ్యాంకు ఖాతాలో పడిన డబ్బుతోనూ, ఆ తర్వాత ముడిసరుకుతోనూ సరిచూడాలి. కిలో రుబ్బిన పిండికి పొడి సరుకు, అంటే బియ్యం, ఇడ్లీ రవ్వ, మినపగుళ్లు కలిపి, సుమారు 400 గ్రాములు పడుతుంది. సరైన కొలత కావాలంటే యూనిట్‌లోనే ఒక వాయి తూచి చూడొచ్చు. 4,600 ప్యాకెట్లకు నెలకు 1,850 కిలోల దగ్గర సరుకు కొని ఉండాలి. హోల్‌సేల్ కొట్టు బిల్లులు ఆ దరిదాపుల్లో ఉంటే అమ్మకం నిజమే. టన్ను సరుకు కొని రెండు టన్నుల సరుకు పిండి అమ్మినట్టు ఉంటే ఎక్కడో ఏదో దాస్తున్నారు. కరెంటు బిల్లు కూడా ఇదే చెబుతుంది. మోటారు తిరగకుండా పిండి రాదు కదా.

ఏడు నిజమే అనుకుందాం. కొత్త కొట్లకు కూడా ఏడు వేయొచ్చా? ఆ కొట్ల దగ్గరికి వెళ్లి చూడాలి. పొద్దున ఆరింటికి బండి వెంట వెళ్లే ఆఫీసర్‌కు గంటలో తెలిసేది ఆఫీసులో వారం కూర్చున్నా తెలియదు.

"ఇవాళ ఎన్ని వేశారండీ?" అని కొట్టాయన్ని అడిగితే, "ఎనిమిదండీ. ఒకటో రెండో వెనక్కి తీసుకెళ్తారు. ఎండాకాలమైతే నాలుగు కూడా వెళ్తాయి, పులిసిపోతది గదా" అంటాడు. వేసినవి ఎనిమిది, నికరంగా అమ్ముడయ్యేవి ఏడు. రిపోర్టులో వాపసు ప్యాకెట్ల గడే లేదు. పాడైపోయే సరుకులో వాపసు లేదని రాసిన అంచనా దేనికీ పనికిరాదు. విజయవాడ ఎండల్లో, కొట్టాయన రాత్రి ఫ్రిజ్ కట్టేసి వెళ్లే చోట, వాపసు రెట్టింపైనా ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి. ఏ వ్యాపారి అయినా ముందు మంచి కొట్లకే వెళ్తాడు. అపార్టుమెంట్లు ఎక్కువున్న పటమట, మొగల్రాజపురం వైపు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లున్న వీధుల్లో. ఆ 22 కొట్లు అలాంటివే. ఇకపై చేరేవి అంతకంటే కొంచెం తక్కువ అమ్మేవి అవుతాయి. పైగా అదే వీధిలో రెండో కొట్టును చేర్చుకుంటే ఇద్దరికీ కలిపి పద్నాలుగు రావు. ఆ వీధిలో ఉన్న ఇళ్లు అవే. మొదటి కొట్లో కొనే ఇంటావిడ ఇప్పుడు రెండో కొట్లో కొంటుంది, అంతే. అందుకని కొత్త కొట్లకు ఆరు వేయడం న్యాయం.

ఇప్పుడు కలిపి చూద్దాం. పాత 22 కొట్లకు ఏడు చొప్పున 154. ఏడాది సగటున కొత్తగా ఉండే 20 కొట్లకు ఆరు చొప్పున 120. రోజుకు 274 ప్యాకెట్లు, 360 రోజులు, 64.75 రూపాయలు. మొదటి ఏడాది ఆదాయం సుమారు 64 లక్షలు. రిపోర్టులో రాసింది 2.88 కోట్లు. నాలుగో వంతు కూడా రాలేదు.

ఇక్కడ ఆగి గమనించాల్సిందొకటుంది. ఇందులో ఏ ఒక్క అంకె కూడా గాలిలోంచి పుట్టింది కాదు. ధర ఐదో వంతు ఎక్కువ చూపారు. ప్యాకెట్లు ఏడున్నచోట పది అన్నారు. కొట్ల సంఖ్య ఏడాది చివరికి చేరాలనుకున్నది. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఏదో ఒక సమర్థన ఉంది. కానీ అంచనాలో ఆశలు కూడవు, ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. అందుకే దరఖాస్తుదారు నిజాయితీపరుడైనా అంచనా అబద్ధం కావచ్చు. ఈ తేడా తెలియని ఆఫీసర్ మంచి కుర్రాడని నమ్మి సంతకం పెడతాడు, లేదా అంకెలు తప్పని కుర్రాణ్ణి దొంగగా చూస్తాడు. రెండూ పొరపాటే.

మూడో ఏడాది 6.48 కోట్లకు సమర్థన వేరే దారిలో వచ్చింది. రిపోర్టులో 'మార్కెట్' అన్న శీర్షిక కింద ఇలా ఉంది: విజయవాడలో రెండున్నర లక్షల ఇళ్లున్నాయి, అందులో 2 శాతం ఇళ్లు వారానికి మూడు ప్యాకెట్లు కొన్నా చాలు. అయిదు వేల ఇళ్లు, వారానికి 15 వేల ప్యాకెట్లు, రోజుకు దాదాపు 2,150. మూడో ఏడాదికి కావాల్సిన 2,250కి చక్కగా సరిపోయింది. 'కేవలం 2 శాతం' అన్న మాట వినడానికి ఎంతో వినయంగా ఉంటుంది. కానీ దాని వెనుక ఏ లెక్కా లేదు. 2 శాతమే ఎందుకు, అర శాతం ఎందుకు కాదు అంటే జవాబు ఉండదు. పెద్ద ఊరు జనాభాను తీసుకుని చిన్న శాతంతో గుణిస్తే ఏ వ్యాపారానికైనా కోట్లు వస్తాయి. ఆ ఇళ్లు ఇవాళ పిండి ఎక్కడ తెచ్చుకుంటున్నాయన్నది అడగాల్సిన ప్రశ్న. కొందరు ఇంట్లోనే రుబ్బుకుంటారు. కొందరు వీధి చివర మిల్లులో గిన్నె పెట్టి తెచ్చుకుంటారు. ఇంకొందరు బండి దగ్గర నాలుగిడ్లీలు కట్టించుకుంటారు. పేరున్న బ్రాండు ప్యాకెట్ కొనేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎవరు, ఏ కారణంతో అలవాటు మార్చుకుంటారో చెప్పలేని శాతం లెక్కలోకి రాదు.

ఈ రంగంలో అందరూ చూపించే ఉదాహరణ ఐడీ ఫ్రెష్ ఫుడ్. పి.సి. ముస్తఫా, ఆయన బంధువులు 2005లో బెంగళూరులో చిన్న వంటగదిలో మొదలుపెట్టిన సంస్థ అది. రిపోర్టుల్లో దాని ఇప్పటి స్థాయి అంకెలు వేస్తారు. అది రోజుకు వంద ప్యాకెట్ల స్థాయికి చేరడానికే నెలలు పట్టిన సంగతి మాత్రం ఎవరూ వేయరు. ఆఫీసర్‌కు పనికొచ్చేది ఆ రెండో సంగతే.

సరే, గిరాకీ ఉందనే అనుకుందాం. యంత్రాలు చేయగలవా? కొటేషన్ ప్రకారం రెండు గ్రైండర్లూ కలిపి గంటకు 150 కిలోలు రుబ్బుతాయి. నానబెట్టడం, కడగడం, వాయికీ వాయికీ మధ్య శుభ్రం చేయడం పోను ఒక షిఫ్టులో నికరంగా ఆరు గంటలు రుబ్బగలరు. అంటే 900 కిలోలు. మూడో ఏడాదికి 2,250 కావాలంటే రోజుకు పదిహేను గంటలు మోటారు తిరగాలి. రెండో షిఫ్టు జీతాలు రిపోర్టులో లేవు. మూడో ఏడాది కొత్త యంత్రాలూ లేవు. బండ్ల సంగతీ అంతే. కొట్టుకు అయిదు నిమిషాలు వేసుకున్నా ఒక బండి తెల్లవారుజామున అయిదు నుంచి పదింటిలోపు 60 కొట్లు తిరగగలదు. 2,250 ప్యాకెట్లకు, వాళ్లు చెప్పే కొట్టుకు పది లెక్కనే, 225 కొట్లు, నాలుగు బండ్లు. రిపోర్టులో ఉన్నవి రెండు. అమ్మకాల గీత పైకి పోతూ ఖర్చుల గీత పడుకుని ఉంటే, ఆ అమ్మకాలు ఎవరు చేస్తారో రాసినవాళ్లు ఆలోచించలేదన్నమాట.

ఇంత అతిశయం ఎందుకు వస్తుంది? సగం కారణం బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. చిన్న పరిశ్రమలకు వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ తేల్చడానికి బ్యాంకులు వాడేది నాయక్ కమిటీ సూత్రం. 1990ల మొదట్లో వచ్చింది. ఏడాది అంచనా టర్నోవర్‌లో నాలుగో వంతు వర్కింగ్ క్యాపిటల్‌గా అవసరమవుతుందని, అందులో అయిదో వంతు వ్యాపారి పెట్టుకుంటే మిగతాది, అంటే టర్నోవర్‌లో 20 శాతం, బ్యాంకు ఇవ్వాలని దాని సారాంశం. 2.88 కోట్ల టర్నోవర్‌కు లిమిట్ 57.6 లక్షలు. 64 లక్షలకు 12.8 లక్షలే. టర్నోవర్ పెంచి రాస్తే లిమిట్ పెరుగుతుందని తెలిశాక ఎవరు తగ్గించి రాస్తారు? అయితే సూత్రంలో ఉన్నది బ్యాంకు సమంజసమని ఒప్పుకున్న టర్నోవర్. కాగితం మీద రాసి ఇచ్చిన ప్రతి అంకే కాదు.

పైగా ఆ సూత్రం మూడు నెలల చక్రాన్ని ఊహిస్తుంది: సరుకు కొని, తయారుచేసి, అమ్మి, డబ్బు తిరిగి రావడానికి మూడు నెలలు. పిండి వ్యాపారంలో బియ్యం వచ్చిన రెండు వారాల్లో కిరాణా కొట్టు నుంచి డబ్బు వచ్చేస్తుంది. సూపర్‌మార్కెట్లు మాత్రం నెలా నెలన్నర ఆపుతాయి. అవసరానికి మించి లిమిట్ ఇస్తే ఆ డబ్బు ఖాళీగా కూర్చోదు. ఇంకో బండి కొనడానికో, పాత బాకీ తీర్చడానికో, ఇంటి పనికో పోతుంది. ఖాతా ఎప్పుడూ లిమిట్ అంచున నిలబడుతుంది. అలాంటి ఖాతాలు మొండి బకాయిలుగా మారడం ఎలాగో ప్రతి బ్రాంచిలోనూ చూసినవాళ్లున్నారు.

మరి 64 లక్షల ఆదాయంతో 40 లక్షల అప్పు నడుస్తుందా? ప్యాకెట్‌కు వచ్చే 64.75లో సరుకు, కవరు, కరెంటు, వాపసు నష్టం కలిపి 45 పోతుందని వాళ్ల బిల్లుల నుంచే తేలింది. మిగిలేది 20 దగ్గర. ఏడాదికి 98 వేల చిల్లర ప్యాకెట్లకు 19.7 లక్షలు. జీతాలు 9 లక్షలు, అద్దె 3.6, బండ్ల ఖర్చు 4.2 తీస్తే మిగిలేది 2.9 లక్షలు. మొదటి ఏడాది వడ్డీ 11 శాతం చొప్పున 4.4 లక్షలు, ఆరు నెలల మారటోరియం తర్వాత అసలు 4 లక్షలు. 8.4 లక్షలు కట్టాల్సిన చోట 2.9 లక్షలున్నాయి. అప్పు తీర్చే శక్తిని చెప్పే డీఎస్‌సీఆర్ 0.35. అది ఒకటికి తగ్గితే వాయిదాలు కట్టడానికి డబ్బు చాలదని అర్థం. సగటున 1.5 దాకా ఉండాలని చాలా బ్యాంకులు కోరతాయి.

ఇక్కడితో ఫైలు మూసేసి 'తిరస్కరించడమైనది' అని రాసేయొచ్చు. రెండో ఏడాది లెక్క వేయకపోతే అదే చేస్తారు. కానీ వేసి చూడండి. నెలకు ఆరు కొట్లు నిలుస్తూ పోతే రెండో ఏడాది సగటు 112 కొట్లు, రోజుకు 694 ప్యాకెట్లు. గ్రైండర్లు చేయగలిగినంతే. ప్యాకెట్‌కు 20 చొప్పున 50 లక్షలు. పెరిగిన జీతాలు, ఇంకో బండి కలిపి ఖర్చు 25 లక్షలు అనుకున్నా 25 మిగులుతాయి. కట్టాల్సింది 11.5 లక్షలు. డీఎస్‌సీఆర్ రెండు దాటింది. అంటే ఇది చెడ్డ వ్యాపారం కాదు. అంచనా ఒక ఏడాది ముందుకు జరిగిపోయింది, అంతే.

ఇప్పుడు ఒక్కో అంకెనూ కదిపి చూడాలి. కొత్త కొట్లలో ఆరుకు బదులు అయిదే అమ్మితే రెండో ఏడాది మిగులు 18.5 లక్షలు, ఇంకా పర్లేదు. కానీ కొట్లు నెలకు ఆరుకు బదులు పాత వేగంతో మూడే నిలిస్తే సగటు 67కు పడిపోతుంది. ఖర్చులు 20 లక్షలకు తగ్గించినా మిగిలేది పదిన్నర లక్షలు. వాయిదాలకు చాలదు. ఈ అప్పు మొత్తం ఆధారపడింది ఒకే ప్రశ్న మీద: నెలకు ఎన్ని కొత్త కొట్లు నిలుస్తాయి? రిపోర్టు ఎనభై పేజీలుంది కానీ ఆ ప్రశ్నకు జవాబు ఏ పేజీలోనూ లేదు.

జవాబు ఎవరికీ తెలియనప్పుడు దాన్ని తెలుసుకునేదాకా అప్పును చిన్నదిగా ఉంచడం సరైన పద్ధతి. మొదటి ఏడాది చివరికి 76 కొట్లయినా రోజుకు కావాల్సింది 478 కిలోలే. ఒక్క గ్రైండర్ ఆరు గంటల్లో 450 రుబ్బుతుంది, ఇంకాస్త సేపు నడిపితే సరి. రెండోది ఇప్పుడే ఎందుకు? రెండో బండి కూడా 60 కొట్లు దాటేదాకా అక్కర్లేదు. ఒక గ్రైండర్, చిన్న కోల్డ్ రూమ్, ప్యాకింగ్ యంత్రం కలిపి 16 లక్షల అప్పుతో అయిపోతుంది. ఏడాది మారటోరియం ఇస్తే మొదటి ఏడాది కట్టాల్సింది వడ్డీ 1.76 లక్షలు. చేతిలో మిగిలే 2.9 లక్షలు దానికి చాలతాయి.

ఇలా చెబితే దరఖాస్తుదారు ముఖం చిన్నబోతుంది.

"మేడమ్, సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ ఉంటుంది గదా, మీకేం రిస్కు?" అంటాడు.

తరచూ వినిపించే మాటే. ఆ పథకం పరిమితిని 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లకు పెంచారు, పూచీకత్తు లేకుండా అప్పివ్వడానికి అది నిజంగా సాయపడుతుంది. కానీ అది బ్యాంకుకొచ్చే నష్టంలో కొంత భాగం భరిస్తుంది. అప్పు తీసుకున్నవాళ్ల బాకీ దానితో మాఫీ కాదు. కొట్లు నెలకు మూడే నిలిస్తే గ్యారంటీ వాటిని ఆరు చేయదు. సిబిల్ స్కోరు పోయేది ఆ జంటదే.

సూపర్‌మార్కెట్లు ఇచ్చిన ఉత్తరాలు కూడా ఫైలులో మూడున్నాయి. 'మీ ఉత్పత్తిపై ఆసక్తి ఉంది' అని లెటర్‌హెడ్ మీద సంతకం. ఎన్ని ప్యాకెట్లో లేదు, ఎంత ధరకో లేదు, ఎన్ని రోజులకు డబ్బిస్తారో లేదు. అలాంటి కాగితాన్ని ఆదాయంలో సున్నాగా వేసుకోవాలి. పరిమాణం, ధర, చెల్లింపు గడువు రాసిన కొనుగోలు ఆర్డరు వస్తే అప్పుడు కలుపుకోవచ్చు.

మంజూరు పత్రంలో మామూలుగా రాసే షరతులతో పాటు ఇంకొకటి చేర్చొచ్చు. ప్రతి నెలా అయిదో తేదీలోపు కిందటి నెలలో సరుకు తీసుకున్న కొట్ల జాబితా ఇవ్వాలి: కొత్తగా చేరినవి, మానేసినవి, ఒక్కోదానికి వేసిన ప్యాకెట్లు, వెనక్కి వచ్చినవి. ఎవరూ చదవని స్టాక్ స్టేట్‌మెంట్ కంటే ఈ ఒక్క కాగితం ఎక్కువ చెబుతుంది. వరుసగా మూడు నెలలు 60 కొట్లు దాటి నిలిస్తే రెండో విడతగా ఇంకో గ్రైండర్, బండి. వరుసగా రెండు నెలలు కొత్త కొట్లు మూడుకు మించకపోతే విడత ఆగుతుంది. ఆ నెలే ఆఫీసర్ బండి ఎక్కి కొట్లకు వెళ్లి కనుక్కోవాలి. ఆపింది ధరా, ఫ్రిజ్‌లో చోటా, పులుపా అన్నది కొట్టాయనే చెబుతాడు.